ఎపిసోడ్ పేరు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులో పెట్టాలా? పాడ్‌కాస్ట్ సెర్చ్‌లో దొరికే పేరు, నోట్స్ ఎంచుకోవడం ఎలా

గుంటూరు నుంచి మిరప రైతుల కోసం ఒక పాడ్‌కాస్ట్ నడుస్తోందనుకుందాం. 14వ ఎపిసోడ్‌లో ఒక కీటక శాస్త్రవేత్త 28 నిమిషాలు మాట్లాడారు. నల్ల తామర పురుగు పూతలో ఎలా కనిపిస్తుంది, మామూలు తామర పురుగుకీ దీనికీ తేడా ఏంటి, జిగురు అట్టలు ఏ రంగువి కట్టాలి అన్నవన్నీ చెప్పారు. సరుకున్న ఎపిసోడే. దానికి పెట్టిన పేరు మాత్రం ఇది: "ఎపిసోడ్ 14: రైతన్న గోడు, ఒక శాస్త్రవేత్తతో ముచ్చట్లు".

ఈ పేరులో మిరప అనే మాట లేదు, పురుగు పేరు లేదు, పూత ఊసే లేదు. పూత రాలుతోందని ఫోన్ తీసి వెతికే రైతుకు ఈ ఎపిసోడ్ ఎప్పటికీ కనబడదు. పేరు మార్చాలన్న దాంట్లో ఎవరికీ అనుమానం ఉండదు. ఎలా మార్చాలన్న దగ్గరే తెలుగువాళ్లకు ఒక చిక్కు ఉంది, ఇంగ్లీషు పాడ్‌కాస్టుల కోసం రాసిన సలహాల్లో దానికి జవాబు దొరకదు. మన మాటను రెండు లిపుల్లో టైప్ చేస్తారు, ఒక్కో లిపిలో రెండు మూడు రకాలుగా టైప్ చేస్తారు.

ముందు: ఏ యాప్ ఏం చదువుతుంది

అన్ని డైరెక్టరీలూ ఒకే రకంగా వెతకవు. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ తన సెర్చ్‌కు మూడు సంగతులు లెక్కలోకి తీసుకుంటానని చెబుతుంది: షో పేరు, ఎపిసోడ్ పేరు వంటి మెటాడేటా ఒకటి, ఆ షోకు ఉన్న ఆదరణ రెండోది, వెతికినవాళ్లు దేన్ని నొక్కుతున్నారన్నది మూడోది. అంటే మాటల వరకు అక్కడ బరువంతా పేరు మీదే. నోట్స్‌లో ఎంత బాగా రాసినా, పేరులో లేని మాటతో ఆపిల్‌లో దొరుకుతామని లెక్కేసుకోవద్దు.

స్పాటిఫై దారి వేరు. 2022 మార్చిలో వాళ్లు ప్రకటించిన పద్ధతిలో ఎపిసోడ్ పేరు, ఎపిసోడ్ వివరణ, షో పేరు, షో వివరణ, ఈ నాలుగూ కలిపి చదివి, అచ్చంగా అదే మాట లేకపోయినా అర్థం దగ్గరగా ఉన్న ఎపిసోడ్లను పైకి తెస్తారు. కాబట్టి అక్కడ నోట్స్‌కూ విలువ ఉంది.

ఇక పాత రోజుల్లో ఫీడ్‌లో, అంటే షో వివరాలను యాప్‌లకు చేరవేసే ఫైల్‌లో, కీవర్డ్స్ కోసం ఒక ట్యాగ్ ఉండేది, `itunes:keywords` అని. దాన్ని ఆపిల్ ఎప్పుడో పక్కన పెట్టేసింది. అందులో ముప్పై మాటలు దట్టించినా ఉపయోగం లేదు. అవే ముప్పై మాటలు పేరులోనో రచయిత పేరు గడిలోనో దట్టిస్తే అది ఇంకా ప్రమాదం, షోను డైరెక్టరీ నుంచి తీసేసే అవకాశం ఉంది.

మూడు దారులు: తెలుగు లిపి, ఇంగ్లీషు అక్షరాలు, రెండూ కలిపి

మొదటి దారి, పూర్తిగా తెలుగు లిపి.

`మిరపలో నల్ల తామర పురుగు: పూతలో గుర్తు పట్టడం ఎలా`

చదవడానికి ఇదే బాగుంటుంది. ఫోన్‌లో మైకు నొక్కి తెలుగులో మాట్లాడి వెతికేవాళ్లకు కీబోర్డు తెలుగు లిపిలోనే రాసిపెడుతుంది కాబట్టి, వాళ్లకు నేరుగా దొరుకుతుంది. పల్లెల్లో టైపింగ్ కన్నా మైకు వాడేవాళ్లకు ఇదే సరైన పేరు. లోటు ఎక్కడంటే, వ్యవసాయ కాలేజీ పిల్లలు, పురుగుమందుల షాపువాళ్లు `black thrips` అని కొడతారు. వాళ్లకు ఇది అందదు.

రెండో దారి, పూర్తిగా ఇంగ్లీషు అక్షరాలు. ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి, వాటిని కలిపి చూడటమే చాలామంది చేసే పొరపాటు. ఒకటి నిజమైన ఇంగ్లీషు మాట: `Black Thrips in Chilli`. రెండోది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు: `Mirapalo Nalla Tamara Purugu`. మొదటిదానికి స్పెల్లింగ్ ఒక్కటే, ఎవరు కొట్టినా `black thrips` అనే కొడతారు. రెండోదానికి స్థిరమైన స్పెల్లింగ్ లేదు. తామరను `tamara` అని కొందరు, `thamara` అని కొందరు కొడతారు. మిరపతోట అయితే `mirapa thota`, `mirapa tota`, `mirapathota`, ఎన్ని రకాలైనా రావచ్చు. మీరు అందులో ఒకటి ఎంచుకుంటే మిగతావాళ్లను వదులుకున్నట్టే. మైకులో మాట్లాడినవాళ్లూ పోతారు.

`mirchi` అనే మాటకు ఇంకో తలనొప్పి ఉంది. దానికి స్పెల్లింగ్ దాదాపు స్థిరపడింది, మంచిదే. కానీ ఆ పేరుతో దేశమంతా తెలిసిన రేడియో ఉంది, దాని షోలున్నాయి. ఆ ఒక్క మాటను నమ్ముకుంటే పంట గురించి వెతికే మనిషి ముందుకు రేడియో జాకీలు వస్తారు. మిర్చి బజ్జీ వంటకాల సంగతి సరేసరి. తెలుగులోనూ పంట గురించి మాట్లాడేటప్పుడు "మిరప", మార్కెట్ ధర గురించి అయితే "మిర్చి" అనడం మన దగ్గర వాడుకే. పేరులోనూ అదే పాటిస్తే సరిపోతుంది: తెగులు గురించైతే మిరప, యార్డు గురించైతే మిర్చి.

మూడో దారి, రెండూ కలిపి.

`నల్ల తామర పురుగు Black Thrips: మిరప పూతలో గుర్తులు`

మా సిఫార్సు ఇదే, ఒక షరతు మీద. తెలుగు మాట తెలుగు లిపిలోనే ఉండాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది స్పెల్లింగ్ స్థిరపడిన మాటే అయ్యుండాలి: పురుగు ఇంగ్లీషు పేరు, ఊరి పేరు, రకం పేరు. `Guntur`, `Teja`, `Black Thrips` ఈ కోవలోకి వస్తాయి. `Nalla Tamara` రాదు. ఒకే పేరులో ఇలాంటివి ఒకటి, మహా అయితే రెండు. మూడోది చేరిస్తే చదివేవాడికి అది పేరులా కాక గోడమీద పోస్టర్లా కనిపిస్తుంది, నొక్కడు. ఎవరూ నొక్కకపోతే, వెతికినవాళ్లు దేన్ని నొక్కుతున్నారో చూసే సెర్చ్‌లో మీకే నష్టం.

ఎప్పుడు మూడో దారి వద్దు? మాటకు వాడుకలో ఇంగ్లీషు జంట లేనప్పుడు. "పై ముడత", "కింద ముడత" అని వెతికే రైతు ఆ మాటే వాడతాడు. అలాంటి ఎపిసోడ్‌కు శుద్ధంగా తెలుగు పేరే మేలు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ తేడా చెప్పే ఎపిసోడ్‌కు "మిరప పై ముడత, కింద ముడత: తేడా ఎలా తెలుస్తుంది" అన్నదాన్ని మించిన పేరు లేదు. ఇంగ్లీషు కోసం ఎదురుచూసే శ్రోత అక్కడ పెద్దగా ఉండడు.

తెలుగు లిపిలో రాస్తే మాట ఏ రూపంలో ఉండాలి

ఇంగ్లీషులో బహువచనానికి చివర ఒక అక్షరం చేరుతుంది, చాలా సెర్చ్ ఇంజన్లు దాన్ని తీసేసి చూస్తాయి. తెలుగులో మాట లోపలే మారిపోతుంది. "తెగులు" అని వెతికితే "తెగుళ్లు" అన్న పేరు తగలాలంటే, ల స్థానంలో ళ వచ్చిన సంగతి సెర్చ్‌కు తెలియాలి. "నీరు" కాస్తా "నీటి" అవుతుంది, "ఊరు" కాస్తా "ఊళ్లో" అవుతుంది. ఆ తెలివి ప్రతి యాప్‌కూ ఉందని నమ్మి కూర్చోవద్దు. "ధర", "ధరలు" అయితే ఫర్వాలేదు, మొదటి అక్షరాలు కలుస్తాయి కాబట్టి చాలాచోట్ల దొరుకుతుంది.

అందుకని పేరులో ముఖ్యమైన మాట ఏకవచనంలో, విభక్తి లేకుండా ఉండేలా వాక్యాన్ని తిప్పండి. "మిరపతోటల్లో తెగుళ్ల నివారణ" కన్నా "మిరప తెగులు: నివారణ ఎలా" మేలు. సమాసాన్ని విడదీయండి. "మిరపతోట" ఒక మాట అయితే, "మిరప తోట" రెండు మాటలు, విడివిడిగానూ దొరుకుతాయి.

ఇంకొకటి కంటికి కనబడనిది. "కోల్డ్‌స్టోరేజ్" అని కలిపి రాసేటప్పుడు పొల్లు ఆగి తర్వాతి అక్షరం విడిగా కనబడటానికి మధ్యలో ఒక అదృశ్య అక్షరం పడుతుంది, దాని యూనికోడ్ సంఖ్య `U+200C`. వెతికే మనిషి అది లేకుండానే టైప్ చేస్తాడు. కొన్ని యాప్‌లు దాన్ని పట్టించుకోవు, కొన్నిటికి అవి రెండు వేర్వేరు మాటలు. తప్పించుకునే దారి సులువు: "కోల్డ్ స్టోరేజ్" అని మధ్యలో ఖాళీ వదలండి. "మిర్చి యార్డ్" కూడా అంతే. విభక్తి తగిలించాల్సి వచ్చే ఇంగ్లీషు మాటలను పేరులోంచి తప్పించి నోట్స్‌లోకి పంపండి.

విజయవాడ, గుంటూరు డీటీపీ సెంటర్లలో టైప్ చేయించుకునేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైప్ చేసిన మేటర్‌ను కాపీ చేసి హోస్టింగ్ సైట్‌లో పేస్ట్ చేస్తే గజిబిజి ఇంగ్లీషు గుర్తులుగా పడుతుంది. వెంటనే కనబడుతుంది కాబట్టి ఇది పట్టుకోవడం తేలికే. కానీ ఒకసారి యూనికోడ్‌లోకి మార్చి పేస్ట్ చేశాక కూడా అక్కడక్కడా ఒత్తులు తారుమారై ఉండొచ్చు. పేరు వరకైనా ఫోన్ కీబోర్డులో మళ్లీ చేత్తో టైప్ చేయడం మంచిది. యాభై అక్షరాల పని అది.

నంబరు, అతిథి పేరు, ముందు ఏది

ఎపిసోడ్ నంబరును పేరులో పెట్టొద్దని ఆపిల్ చెబుతుంది, దానికి వేరే ట్యాగ్ ఉంది. ఫోన్ తెరమీద పేరు చివర తెగిపోతుంది కాబట్టి మొదటి మూడు నాలుగు మాటలే కచ్చితంగా కనబడతాయి. అక్కడ "ఎపిసోడ్ 14" కూర్చుంటే విషయం కనబడకుండా పోతుంది.

అతిథి పేరు సంగతి ఆ మనిషిని బట్టి ఉంటుంది. జనం ఆ పేరుతో వెతికే మనిషైతే పేరులో, రెండో సగంలో పెట్టండి. మంచి శాస్త్రవేత్తే గానీ పేరుతో ఎవరూ వెతకరంటే నోట్స్ చాలు. మొహమాటానికి ప్రతి అతిథి పేరూ ముందు పెట్టే అలవాటు తెలుగు షోల్లో బాగా ఉంది. అతిథి సంతోషిస్తారు, సెర్చ్‌కు మాత్రం దక్కేదేం లేదు.

అన్నీ సరిచేశాక ఫీడ్‌లో 14వ ఎపిసోడ్ పేరు, నంబరు ఉండే భాగం ఇలా ఉంటుంది:

```xml
<item>
  <title>నల్ల తామర పురుగు Black Thrips: మిరప పూతలో గుర్తులు</title>
  <itunes:episode>14</itunes:episode>
  <itunes:episodeType>full</itunes:episodeType>
  <guid isPermaLink="false">mirapa-014</guid>
</item>
```

హోస్టింగ్ సైట్ వాడేవాళ్లు ఇది చేత్తో రాయక్కర్లేదు, గడులు నింపితే చాలు. షో సెట్టింగ్స్‌లో భాష మాత్రం ఒకసారి చూసుకోండి. చాలా షోలకు మొదట్లో ఉన్న `en` అలాగే ఉండిపోతుంది, తెలుగుకు అది `te` అవ్వాలి.

నోట్స్: రెండు లైన్లా, మొత్తం మాటలా, మధ్యరకమా

రెండు లైన్ల ప్రకటన రాసేవాళ్లున్నారు: "ఈ వారం అద్భుతమైన ఎపిసోడ్, తప్పక వినండి". ఇందులో వెతికే మాట ఒక్కటీ లేదు. దీని మీద ఇంతకన్నా చెప్పేదేం లేదు.

రెండో రకం, సంభాషణ మొత్తాన్ని నోట్స్‌లో కుమ్మరించడం. మాటలన్నీ ఉంటాయి కదా, ఏదో ఒకటి తగులుతుందన్న ఆశ. ఇక్కడ తెలుగుకు ఒక లెక్క అడ్డొస్తుంది. కొన్నిచోట్ల హద్దు అక్షరాల్లో కాదు, బైట్లలో ఉంటుంది. షో వివరణకు ఆపిల్ పెట్టిన హద్దు 4000 బైట్లు. `Guntur` ఆరు బైట్లు. "గుంటూరు"లో గుణింతం గుర్తులతో కలిపి ఏడు యూనికోడ్ అక్షరాలున్నాయి, ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం 21. ఇంగ్లీషువాళ్లకు నాలుగు వేల అక్షరాలు పట్టే చోట మనకు పట్టేది 1333. అంటే మామూలు తెలుగు మాటలు సుమారు నూట యాభై. ఎపిసోడ్ నోట్స్‌కు హద్దు హోస్టింగ్ సైట్‌ను బట్టి మారుతుంది, అది అక్షరాల్లో ఉందో బైట్లలో ఉందో ముందే చూసుకోండి. సేవ్ చేశాక నోట్స్ సగం వాక్యంలో ఆగిపోయి కనబడితే కారణం ఇదే. హద్దు అడ్డురాకపోయినా, 28 నిమిషాల మాటల్లో "అవునండీ", "అదే కదా మరి" వంటివి నిండి అసలు విషయం పలచబడుతుంది. మొత్తం మాటలు పెట్టాలనుంటే మీ సొంత వెబ్‌సైట్‌లో పెట్టి నోట్స్ నుంచి లింకు ఇవ్వండి. అక్కడ గూగుల్ చదువుకుంటుంది.

మిగిలింది మధ్యరకం, నూట ఇరవై మాటల లోపు. 14వ ఎపిసోడ్‌కు అది ఇలా ఉండొచ్చు:

> మిరప పూత రాలిపోతోందా? పువ్వు విప్పి చూడండి. లోపల నల్లటి సన్న పురుగులు గుంపుగా ఉంటే అది నల్ల తామర పురుగు కావచ్చు. మామూలు తామర పురుగుకీ దీనికీ తేడా, నీలి రంగు జిగురు అట్టలు ఎందుకు కట్టాలి, మందు మీద మందు కొడితే ఎందుకు లాభం లేదు అన్న విషయాలు ఒక కీటక శాస్త్రవేత్త వివరించారు.
>
> 00:00 పూతలో గుర్తులు
> 07:40 ఆకు పై ముడతతో పోలిక
> 15:10 నీలి జిగురు అట్టలు
> 21:30 మందుల విషయంలో జాగ్రత్తలు
>
> ఇలా కూడా వెతుకుతారు: nalla tamara purugu, nalla thamara purugu, mirapa thota, Thrips parvispinus.

మొదటి వాక్యం రైతు అడిగే ప్రశ్న. శాస్త్రవేత్త దృష్టిలో విషయం పురుగు, రైతు దృష్టిలో విషయం పూత రాలడం. పురుగు పేరు తెలియని మనిషి "మిరప పూత రాలడం" అనే వెతుకుతాడు, అందుకే లక్షణం ముందు, పేరు తర్వాత. ఇంగ్లీషు అక్షరాల్లోని తెలుగు రూపాలను పేరులోంచి తప్పించాం కదా, వాటికి చోటు చివరి ఆ ఒక్క లైనే. నాలుగైదు దాటనివ్వకండి, పదిహేను పెడితే అది కీవర్డుల గుట్టే అవుతుంది.

టైమ్‌స్టాంపులు 00:00తో మొదలవ్వాలి. అదే ఆడియోను యూట్యూబ్‌లోనూ పెడితే ఇవే అధ్యాయాలుగా మారతాయి. అక్కడ కనీసం మూడు ఉండాలి, ఒక్కోటీ పది సెకన్లకు తగ్గకూడదు. యూట్యూబ్ పేరుకు హద్దు 100 అక్షరాలు, పై పేరు అందులో హాయిగా పడుతుంది.

ప్రతి ఎపిసోడ్ నోట్స్‌నూ "మా పాడ్‌కాస్ట్‌కు స్వాగతం, గుంటూరు జిల్లా రైతుల కోసం..." అని ఒకే పేరాతో మొదలుపెట్టే అలవాటుంటే దాన్ని కిందికి దించండి. తెరమీద కనబడే రెండు లైన్లూ ఆ స్వాగతమే మింగేస్తుంది. నోట్స్ అంతటినీ కలిపి అర్థం తీసే సెర్చ్‌కైతే, నలభై ఎపిసోడ్లలో ఒకే పేరా ఉన్నప్పుడు దేనికదే వేరని తెలియడానికి మిగిలేది తక్కువ.

పెట్టాక పరీక్షించడం, పాతవి మార్చడం

ఫీడ్‌లో మార్పు యాప్‌లకు చేరడానికి ఒక రోజు వదిలేయండి. తర్వాత షోను ఫాలో కాని వేరే ఫోన్ తీసుకోండి. మీ ఫోన్ మీరు వినేవాటినే ముందు చూపిస్తుంది, దాన్ని చూసి మురిసిపోతే మోసపోతారు. షో పేరు కొట్టకుండా నాలుగు రకాలుగా వెతకండి: "నల్ల తామర పురుగు" తెలుగులో, అదే మైకులో చెప్పి, `black thrips`, "మిరప పూత రాలడం".

మొదటిది కూడా దొరక్కపోతే ముందు ఎపిసోడ్ పేరు మొత్తం అచ్చంగా కొట్టి చూడండి. అప్పుడూ రాకపోతే తప్పు మాటలది కాదు, ఫీడ్ ఇంకా చేరలేదు, లేదా భాష, లిపి దగ్గర ఏదో తేడా ఉంది. పూర్తి పేరుతో వచ్చి, విడి మాటతో రాకపోతే ఆ మాటకు పోటీ ఎక్కువని అర్థం. ఆదరణ కూడా లెక్కలో ఉంటుంది కాబట్టి, కొత్త షో "మిరప సాగు" అన్న వెడల్పు మాటతో గెలవడం కష్టం. "మిరప పూత రాలడం" లాంటి సన్నని మాట దగ్గర నిలబడొచ్చు. నాలుగోదానికి స్పాటిఫైలో దొరికి ఆపిల్‌లో దొరక్కపోతే కంగారు పడొద్దు, ఆ సంగతి నోట్స్‌లో ఉంది గానీ పేరులో లేదు. పూత రాలడమే మీ శ్రోతలు ఎక్కువగా వెతికేదైతే పేరును అటు తిప్పండి: `మిరప పూత రాలడం: నల్ల తామర పురుగు Black Thrips గుర్తులు`.

పాత ఎపిసోడ్ల పేర్లు మార్చడానికి భయపడక్కర్లేదు, ఒక్క జాగ్రత్త తప్ప. ఫీడ్‌లోని `guid`, అంటే యాప్‌లు ఒక్కో ఎపిసోడ్‌ను పోల్చుకునే గుర్తు, మారకూడదు. ఎపిసోడ్‌ను తీసేసి కొత్త పేరుతో మళ్లీ అప్‌లోడ్ చేస్తే `guid` మారుతుంది. యాప్‌లు దాన్ని కొత్త ఎపిసోడ్ అనుకుంటాయి, ఫాలో అవుతున్నవాళ్లకు పాతదే మళ్లీ వస్తుంది, అప్పటిదాకా ఉన్న వినికిడి లెక్క పోతుంది. ఎడిట్ నొక్కి పేరు గడి ఒక్కటే మార్చి సేవ్ చేయండి. యూట్యూబ్‌లో విడిగా అప్‌లోడ్ చేసి ఉంటే అక్కడ వేరుగా మార్చాలి.

అన్నీ ఒకేసారి ముట్టుకోకండి. ఏడాది పొడవునా పనికొచ్చే తెగులు, విత్తనం, ఎరువు ఎపిసోడ్లు ముందు మార్చండి. ఫలానా వారం యార్డులో తేజ రకం ఎంత పలికిందన్న ఎపిసోడ్ల పేర్లలో తేదీ ఉంటే చాలు. వాటికోసం వచ్చే నెల వెతికేవాళ్లు లేరు.